ఒక చెంప లావు, ఒక చెంప సన్నం - ఇది రోగమా?



హాల్ టికెట్ కోసం గోదావరిఖనికి పోయి పాస్‌పోర్టు ఫోటో దిగివచ్చినంక మన దోస్తు ఒకడు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఫోటోలో వాని కుడి చెంప లావుగా, ఎడమ చెంప సన్నగా పడింది. "బుగ్గల బూరె పెట్టుకొని ఫోటో దిగినవారా?" అని మనలోనే కొందరు ఎక్కిరించారు. "ఒక్క దిక్కే పండుకుంటే మొఖం వంకరపోతది" అని ఇంకొకరన్నారు. పాపం, వాడు ఆ రాత్రి నుంచే పక్క మార్చి పండుకున్నాడు. అయినా ఏమీ మారలేదు. అసలు సంగతి వాని పంటిలో ఉన్నదని తర్వాత తెలిసింది.

ముందు ఒక మాట. ఎవరి ముఖమూ రెండు పక్కలా సమానంగా ఉండదు. మీ ఫోటో మీద నిలువుగా సగానికి కాగితం పెట్టి ఒకసారి ఆ సగం, ఒకసారి ఈ సగం చూడండి. కనుబొమ్మ, ముక్కు రంధ్రం, నోటి మూల ఎక్కడో కొంచెం తేడా కనబడుతుంది. రోజూ అద్దంలో కుడిఎడమలు తారుమారైన ముఖాన్నే చూస్తాం కాబట్టి ఆ తేడా మనకు అలవాటైపోతుంది. ఫోటోలో అది రెండో పక్కకు మారేసరికి కొత్తగా కనబడి భయపెడుతుంది. చిన్నప్పటి నుంచి ఒకే తీరుగా ఉన్న చిన్న తేడాకు మందు అక్కరలేదు.

ఇప్పుడు నమలడం సంగతి. రెండు చేతుల వేళ్ళు చెవి కింద, దవడ మూల దగ్గర పెట్టి పండ్లు గట్టిగా కరవండి. వేళ్ళ కింద గట్టిగా ఉబ్బేదే నమిలే కండరం. అది చెంప ఎముక నుంచి కింది దవడ మూల దాకా ఉంటుంది. గడ్డపార పట్టిన చేయి కండ తేలినట్టే, ఎక్కువ పనిచేసే పక్క ఈ కండరం కూడా లావెక్కవచ్చు. మనలో చాలామందికి ఒక పక్క కొంచెం ఎక్కువ నమిలే అలవాటు ఉంటుంది, అది మామూలే. రెండో పక్క అసలే నమలలేకపోతే మాత్రం కారణం వెతకాలి.

మన దోస్తుకు పల్లీలు ఇచ్చి చూశాం. పదిసార్లు నోట్లో వేసుకుంటే పదిసార్లూ కుడి దిక్కుకే పోయినయి. "ఎడమ దిక్కు సల్లనీళ్ళు తాకితే జివ్వుమంటదిరా" అన్నాడు. నోరు తెరిపించి చూస్తే ఎడమ పక్క కింది దవడ పన్నులో నల్లని గుంత ఉంది. ఆ పక్క పండ్ల మీద పసుపు గార కూడా ఎక్కువ. నమలని పక్క పండ్లకు రాపిడి తగలదు, పాచి పేరుకుంటుంది, చిగుళ్ళు వాస్తాయి. ఆ గుంత పడ్డ పన్ను ఆరేళ్ళ వయసులో పాలపండ్ల వెనుక వచ్చేది. పాలపన్నేలే, ఊడిపోతుందని ఇంట్లో వదిలేశారట. అది ఊడితే మళ్ళీ రాదు.

చెంపలు సమానం కావాలని వాడు వారం రోజులు ఎడమ దిక్కు చూయింగ్ గమ్ నమిలాడు. నొప్పి ఇంకా పెరిగింది. పుచ్చిన పంటితో బలవంతంగా నమలకూడదు, ముందు పన్ను బాగుచేయించాలి. వార్డెన్ సారు దవాఖానకు తీసుకుపోతే డాక్టరు గుంత శుభ్రం చేసి సిమెంటు నింపారు. అప్పటి నుంచి రెండు పక్కలా నములుతున్నాడు. ఆరు నెలలకు ఇంకో ఫోటో దిగితే తేడా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన తేడా వాని సొంత ముఖం!

మరి పండుకోవడం? ఒక పక్క పండుకుంటే కింది చెంపలోకి నీరు దిగి పొద్దున కొంచెం ఉబ్బుతుంది, చాప అచ్చులు పడతాయి. లేచి తిరిగితే కాసేపటికి పోతాయి. మన వయసులో దీనితో ఎముక వంకరపోతుందని భయపడనక్కరలేదు. నెలల పసిపిల్లల సంగతి వేరు. వారి పుర్రె మెత్తన కాబట్టి ఎప్పుడూ ఒకే పక్క ఆనితే తల అక్కడ చదునవుతుంది.

ఈ కింది మూడింటిని మాత్రం అలవాటు అనుకొని ఊరుకోవద్దు.

1. ఉన్నట్టుండి ఒక పక్క మూతి జారడం, కన్ను మూతపడకపోవడం, పుక్కిలిస్తే నీళ్ళు కారిపోవడం. "గాలి సోకింది" అని మంత్రం వేయించుకుంటూ కూర్చోకుండా వెంటనే దవాఖానకు పోవాలి. మాట తడబడినా, చేయి కాలు పట్టు తప్పినా 108కి ఫోన్ చేయాలి.

2. నొప్పి, జ్వరంతో చెంప వాయడం. ఇది పంటి చీము కావచ్చు, గవదబిళ్ళలు కావచ్చు. మింగడం కష్టమైతే, వాపు కంటి దాకా ఎక్కితే అదే రోజు చూపించాలి.

3. చిన్నప్పుడు గదుమ మీద పడ్డవారికి పెరుగుతున్నకొద్దీ గదుమ ఒక పక్కకు జరగడం. తన మూడు వేళ్ళు నిలువుగా ముందు పండ్ల మధ్య పట్టకపోతే దవడ కీలు చూపించుకోవాలి. పెరిగే వయసులోనే చూపిస్తే మేలు.

చివరగా, ఎవరి చెంపనైనా చూసి ఎక్కిరించే ముందు "నీకు పన్ను నొస్తున్నదా?" అని అడగండి. మన దోస్తును ఆ మాట ముందే అడిగి ఉంటే వాని నొప్పి అన్ని నెలలు సాగేది కాదు.