పాలు పొంగేలోపు మైకులో ఏం చెప్పాలి

మా మావయ్య అచ్యుతాపురంలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన అక్కడి సెజ్‌లోనే పని చేస్తారు కాబట్టి గృహప్రవేశానికి వచ్చేవాళ్లలో సగం మంది ఒడిశా, తమిళనాడు, బీహార్ వాళ్లు. "ఏం జరుగుతోందో తెలీక ఫోన్లు చూస్తూ కూర్చుంటార్రా. నువ్వు మైకులో కాస్త చెప్పు" అని నాకు అప్పగించారు. హిందీలో మా అక్క చెప్తుంది, స్క్రిప్ట్ మాత్రం నాది. నాకే సగం తెలీదు కదా, అందుకని ముందు పంతులుగారి దగ్గర కూర్చున్నాను.

నా మొదటి డౌటు టైం గురించి. ముహూర్తం ఫాల్గుణ మాసంలో, ఉదయం 5 గంటల 12 నిమిషాలకి. అంత పొద్దున్నే ఎందుకు? ఆ వేళకి కుంభ లగ్నం నడుస్తోందట. వృషభం, సింహం, వృశ్చికం, కుంభం స్థిర రాశులు. ఇంట్లో స్థిరంగా ఉండాలని వీటిలో ఒకటి చూస్తారు. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారిపోతుంది. స్క్రిప్ట్‌లో ఇలా రాశాను: "ఆరు గంటల షిఫ్ట్ ఉన్నవాళ్లు కంగారు పడకండి, పాలు పొంగడం చూసే వెళ్లొచ్చు."

గేటు దగ్గర ఆవుకి, దూడకి పూజ చేసి ముందు వాటినే లోపలికి తీసుకెళ్తారు. గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకుల తోరణం కడతారు. గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి పగలగొడతారు. ఇక్కడ అతిథులకి ఒక హెచ్చరిక అవసరం: "ముక్కలు తొక్కకండి, జారుతుంది." తర్వాత మావయ్య సింహాద్రి అప్పన్న పటం, అత్తయ్య కలశం పట్టుకుని కుడికాలు పెట్టి లోపలికి వస్తారు. అతిథులు అక్షింతలు వేయాల్సింది సరిగ్గా అప్పుడే. పసుపు కలిపిన బియ్యం కొంచెం చేతిలోకి తీసుకుని, విసిరికొట్టకుండా వాళ్ల తలల మీద పడేలా వేస్తే చాలు.

ఇక అసలు ఘట్టం పాలు. కొత్త పొయ్యి మీద, కొత్త గిన్నెలో పాలు పొంగాలి. ఆ ఇంట్లో సంపద అలా పొంగిపొర్లాలని అర్థం. అయితే పొంగడానికి లెక్క ఉంది. ముందురోజు మా ఇంట్లో టెస్ట్ చేశాను. మూడు లీటర్ల గిన్నెలో అర లీటరు పాలు పోస్తే నురగ పైకి లేచింది కానీ అంచు దాటలేదు. లీటరుంబావు పట్టే గిన్నెలో లీటరు పాలు పోస్తే ఏడెనిమిది నిమిషాల్లో పొంగిపోయాయి. పాలు వేడెక్కితే పైన మీగడ పొర కడుతుంది. కింద పుట్టిన ఆవిరి బయటికి పోలేక ఆ పొరని నురగతో సహా పైకి నెడుతుంది. కాబట్టి గరిటె పెట్టి కలపకూడదు, మంట తగ్గించకూడదు. పొంగిన వెంటనే మాత్రం స్టవ్ కట్టాలి. పాలు పడి మంట ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది, చుట్టూ యాభై మంది నిలబడి ఉంటారు.

తూర్పుకి పొంగితే మంచిదని చూస్తారు. నిజానికి గిన్నె ఎటు వాలి ఉంటే అటే పొంగుతాయి. ఇది మావయ్యకి చెబితే ఆయనేమీ వాదించలేదు, స్టవ్ పడమటి కాళ్ల కింద అట్టముక్క మడిచి పెట్టారు!

పొంగిన పాలలో బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండి నైవేద్యం పెడతారు. బియ్యం వేయడానికి అందర్నీ పిలవచ్చు. స్క్రిప్ట్‌లో ఎక్కడో విన్నట్టు "ముత్తయిదువులు ముందుకు రండి" అని రాశాను. అది చదివి వినిపిస్తుంటే అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తాతయ్య పోయి ఆరేళ్లు. ఈ ఇంటి స్లాబు అమ్మమ్మ గొలుసు అమ్మిన డబ్బుతోనే పడింది. పంతులుగారికి ఫోన్ చేసి, అందరూ వేయొచ్చా అని అడిగాను. "బియ్యం ఎవరైనా వేయొచ్చు బాబూ. అలా వద్దని నేనెప్పుడూ చెప్పలేదు" అన్నారు. లైను మార్చాను: "ఇంటి పెద్దలతో మొదలుపెట్టి, అందరూ తలా గుప్పెడు బియ్యం వేయండి."

ఆ రోజు పాలు ఆరో నిమిషానికే తూర్పుకి పొంగాయి. నేను మైకులో లైను చదివాను. అమ్మమ్మ కదల్లేదు. "శుభమా అని జరుగుతుంటే నాకెందుకు" అంది. అత్తయ్య వాళ్ల అమ్మగారు వేశారు, పక్కింటి వాళ్లు వేశారు, మావయ్య ఫ్రెండు బిస్వాల్ గారు కూడా చెప్పులు బయట వదిలి వచ్చి వేశారు. గిన్నె దగ్గర జనం తగ్గాక అత్తయ్య బియ్యం పళ్లెం పట్టుకుని అమ్మమ్మ దగ్గరికే వెళ్లింది. అప్పుడు లేచి వచ్చి, అందరికంటే ఆఖర్న వేసింది.

తర్వాత వాస్తు హోమం, సత్యనారాయణ వ్రతం మధ్యాహ్నం దాకా సాగాయి. వాటికి స్క్రిప్ట్‌లో రెండే లైన్లు: హోమం పొగ దగ్గర చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి, ప్రసాదం, తాంబూలం తీసుకోకుండా వెళ్లకండి. కొత్త ఇంటిని ఆ రాత్రి ఖాళీగా వదలరు, దీపం ఆరనివ్వరు. ఆ దీపంలో నూనె పోసే డ్యూటీ అమ్మమ్మే తీసుకుంది. హాల్లో చాప వేసుకుని పడుకుంది.