సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఇళ్ల ముందు నిలిపిన కార్లూ మునిగాయి. అలా మునిగిన ప్రతి కారూ తుక్కుకే పోయిందనుకోవద్దు. బాగుచేయడానికి అయ్యే ఖర్చు బీమా పత్రంలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే, బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తుంది. బండిని ఉన్నదున్నట్టు వేలంలో అమ్ముతారు. చవగ్గా కొన్నవాళ్లలో కొందరు విడిభాగాలు తీసుకుంటారు. కొందరు కడిగి, ఆరబెట్టి, వరద సంగతి తెలియని ఊళ్లో అమ్మకానికి పెడతారు.

ఇంజిన్‌లోకి నీళ్లు పోతే మెకానిక్ విప్పి బాగుచేయగలడు. అసలు భయం వైరింగుతోనే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే పెట్టె గేరు రాడ్డు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. వైర్ల కట్టలు కార్పెట్ కిందుగా వెళ్తాయి. నీళ్లు ఆరిపోయాక కూడా ఆ వైర్ల కనెక్టర్లలో చిలుం మెల్లగా పెరుగుతూ పోతుంది. కొన్నప్పుడు అన్నీ పనిచేసిన కారు ఆరు నెలలకు మొరాయించేది ఇందుకే.

అందుకని కడిగినవాడి చెయ్యి చేరని చోట వెతకాలి. మొదట సీటు బెల్టు. దాన్ని మెల్లగా, ఇక లాగలేనంత వరకు బయటికి లాగండి. కనిపించే భాగాన్ని సబ్బుతో కడుగుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరలో బురద గీతో బూజు మచ్చో మిగిలిపోతుంది. బెల్టు మీద కుట్టిన చీటీలో తయారీ తేదీ కూడా చూడండి. ఒక్క సీటు బెల్టే బండి కన్నా రెండేళ్లు కొత్తదైతే ఎందుకు మార్చారో అడగాలి. గట్టి ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్‌తో పాటు బెల్టునూ మార్చాల్సి వస్తుంది.

తర్వాత తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ తీయించి కార్పెట్ అంచు ఎత్తండి. పైన పొడిగా ఉన్నా అడుగున స్పాంజిలో తడి నిలుస్తుంది. కాగితం అద్ది చూస్తే తెలిసిపోతుంది. సీటు పట్టాల బోల్టులు, సీటు కింది స్ప్రింగులు తుప్పు పట్టాయా? కాకినాడ, విశాఖ లాంటి తీర పట్టణాల బండికి అడుగు భాగంలో కాస్త తుప్పు సహజమే. క్యాబిన్ లోపల తుప్పు మాత్రం సహజం కాదు.

తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా చెడ్డ సంగతి, లోపం కనపడకుండా ఎవరో ఆ దీపాన్నే తీసేసి ఉండవచ్చు.

ప్రమాదానికి గురైన బండిలో పెయింటు వేసిన తలుపునో బంపర్నో చూసి బెదరనక్కర్లేదు. గీతలు పడ్డా పెయింటు వేయిస్తారు. బానెట్ ఎత్తి రెండు పక్కల ఉండే ఆప్రాన్‌ను, దాని కింది చాసిస్ రైలును చూడాలి. ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. ఒక పక్క ఆ చుక్కలు కనిపించకుండా చేత్తో పూసిన సీలెంటు, సుత్తి దెబ్బల గుర్తులు ఉంటే ఆ బండి వద్దు. పెయింటు మందం కొలిచే పరికరం దొరికితే మరీ మంచిది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటిందంటే కింద లప్పం ఉందనే అనుమానించాలి.

కాగితాలూ మాట్లాడతాయి. 2021 మార్చిలో కొన్న కారు హైదరాబాద్‌లో అమ్మకానికి వచ్చిందనుకుందాం. నంబరు ఏపీ39. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఆ కోడే ఇచ్చారు కాబట్టి నంబరును బట్టి జిల్లా తెలియదు. ఎం-పరివాహన్‌లో రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసు పేరు చూడండి. ఆ తర్వాత బీమా పత్రంలో నో క్లెయిమ్ బోనస్ గడి చూడండి. క్లెయిమ్ లేకపోతే అది ఏటా 20, 25, 35, 45 శాతంగా పెరుగుతుంది. 2024 మార్చి పాలసీలో 35 శాతం ఉండి, 2025 మార్చి పాలసీలో సున్నా అయిందంటే ఆ మధ్యలో క్లెయిమ్ జరిగి ఉంటుంది. అది చిన్న సొట్టకూ కావచ్చు, వరదకూ కావచ్చు. చాసిస్ నంబరు తీసుకెళ్లి కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ ఏటి జాబ్ కార్డు అడిగితే తేలిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఈ బోనస్ మనిషికి చెందుతుంది, బండికి కాదు. మధ్యలో కారు చేతులు మారి ఉంటే సున్నాకు అర్థం లేదు.

అడ్వాన్సు ఇవ్వకముందే మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. కార్పెట్ ఎత్తనివ్వమంటే ఆ కారు కొనకండి.