రంగు చూడకండి, వరసలు లెక్కపెట్టండి

బూడిదరంగు గోడ కనిపిస్తే ఫ్లైయాష్ ఇటుక అనేస్తాం కదా! సిమెంట్ హాలో బ్లాక్‌దీ అదే రంగు. మా ఫ్రెండ్ ఒకడు ఫొటో చూసి ఇటుక గోడే అనుకుని బరువైన షెల్ఫ్ బిగించబోతే, డ్రిల్ కాస్త దిగి ఖాళీలోకి జారింది.

జవాబు ఆ ఫొటోలోనే ఉంది. పక్కనున్న తలుపు ఏడడుగులు. ఆ ఎత్తులో వరసలు పదిన్నరే, అంటే ఒక్కోటి 8 అంగుళాలు. మూడంగుళాల ఇటుకైతే, సిమెంటు అతుకుతో కలిపి, 24 దాకా రావాలి. అయితే సాలిడ్ బ్లాకూ ఇదే సైజులో ఉంటుంది. ఏది ఏదో గోడ చివర కనిపిస్తేనే తెలుస్తుంది.

పేర్చిన కుప్పలో అయితే తేలిక. హాలో బ్లాక్‌కి రంధ్రాలు కనిపిస్తాయి. ఎర్రటి మట్టి ఇటుకల అంచులు వంకరగా, కాలిన మచ్చలతో ఉంటాయి. ఫ్లైయాష్ ఇటుకలన్నీ ఒకే కొలత, అంచులు నిటారు. ప్లాస్టరింగ్ అయిపోయిందా, ఇక ఫొటోతో పనిలేదు, గోడ తట్టి చూడాల్సిందే.