సంతకానికి ముందు ఇంటి కాంట్రాక్టు

సొంత స్థలంలో ఇల్లు కట్టించుకునేవారు కాంట్రాక్టరుతో రాసుకునే ఒప్పందం చాలాసార్లు స్టాంపు కాగితం మీద రెండు మూడు పేజీల్లో ముగిసిపోతుంది. చదరపు అడుగు రేటు, సిమెంటు, స్టీలు కంపెనీల పేర్లు, టైల్స్ ధర అందులో వివరంగానే ఉంటాయి. బేరం నడిచేది వాటి మీదే. గొడవలు మాత్రం వేరే నాలుగు చోట్ల పుడతాయి: ఏ దశలో ఎంత డబ్బు ఇవ్వాలి, పని ఆలస్యమైతే ఏం చేయాలి, మధ్యలో మార్పులు వస్తే లెక్క ఎలా కట్టాలి, అప్పగించాక బయటపడే లోపాలు ఎవరు సరిచేయాలి. వీటిలో మొదటిదాన్ని అన్నిటికన్నా శ్రద్ధగా చదవాలి. మిగతా మూడు షరతులూ పనిచేయాలంటే అప్పటికి యజమాని చేతిలో ఇవ్వాల్సిన డబ్బు కొంత మిగిలి ఉండాలి మరి.

కింద వెయ్యి, పైన వెయ్యి చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. మెటీరియల్‌తో కలిపి అడుగుకు 2,000 రూపాయల చొప్పున 40 లక్షలకు మాట కుదిరింది. కాంట్రాక్టరు రాసుకొచ్చిన కాగితంలో అడ్వాన్సు 10 శాతం, బేస్‌మెంట్ పూర్తయితే 20, కింది శ్లాబుకు 25, పై శ్లాబుకు 25, గోడలూ ప్లాస్టరింగూ అయ్యాక 15, తాళాలు ఇచ్చేటప్పుడు 5 శాతం అని ఉంది. చూడ్డానికి సబబుగానే కనిపిస్తుంది. కానీ పై శ్లాబు పడేసరికి యజమాని 80 శాతం, అంటే 32 లక్షలు ఇచ్చేసి ఉంటాడు. అప్పటికి నిలబడి ఉన్నది పిల్లర్లు, బీములు, శ్లాబులు మాత్రమే. ఇటుక గోడలు, ప్లాస్టరింగ్, కరెంటు పైపులు, నీళ్ల లైన్లు, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలు, రంగులు అన్నీ ముందే ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో అస్థిపంజరం దాకా అయ్యే ఖర్చు మొత్తంలో ఇంచుమించు సగమే. అంటే దాదాపు 20 లక్షల పని మిగిలి ఉండగా చేతిలో ఉన్నది 8 లక్షలు. కాంట్రాక్టరు ఆ రోజు పని వదిలేసి వెళ్లిపోతే 12 లక్షలు యజమాని మీదే పడతాయి. అతను వెళ్లకపోయినా, కొత్తగా దొరికిన సైటు మీదికి కూలీలను మళ్లించడం మొదలయ్యేది సరిగ్గా ఈ దశలోనే.

అందువల్ల షెడ్యూలు చదివేటప్పుడు పక్కనే ఇంకో గడి గీసుకోవాలి: ఈ కిస్తు ఇచ్చాక మిగిలే డబ్బుతో మిగిలిన పని వేరేవాళ్లతో పూర్తి చేయించగలమా? ఏ వరుసలో జవాబు కాదని వస్తే ఆ వరుసను తగ్గించమని అడగాలి. అదే ఇంటికి అడ్వాన్సు 5 శాతం, బేస్‌మెంట్‌కు 12, ఒక్కో శ్లాబుకు 18, ఇటుక పనికి 12, ప్లాస్టరింగ్‌కు 12, ఫ్లోరింగూ కరెంటూ ప్లంబింగూ కలిపి 13, అప్పగింతకు 5 అని రాసుకుంటే చివర 5 శాతం మిగులుతుంది. ఈ లెక్కలో పై శ్లాబు నాటికి వెళ్లేది 53 శాతం. కాంట్రాక్టరుకూ చేతిలో డబ్బు ఆడకపోతే పని నడవదు, కాబట్టి శ్లాబుకు ముందు స్టీలు సైటుకు దిగినప్పుడు ఆ కిస్తులో కొంత ఇచ్చేలా విడగొట్టడం న్యాయంగా ఉంటుంది.

దశ పూర్తయిందని ఎప్పుడు అంటారో కూడా కాగితంలో ఉండాలి. "శ్లాబు వేయగానే" అని రాస్తే కాంక్రీటు పోసిన సాయంత్రమే డబ్బు అడుగుతారు. కాంక్రీటులో డొల్లలు, కంకర తేలిన చోట్లు, కమ్మీ బయటపడిన చోట్లు కనిపించేది మాత్రం సెంట్రింగ్ విప్పాకే. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన శ్లాబు కింద, నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుకు, పోట్లు కనీసం ఏడు రోజులు ఉండాలి. అంతకు మించితే పద్నాలుగు రోజులు. పెద్ద బీముల కింద ఇంకా ఎక్కువ. కాబట్టి కిస్తులో మూడు వంతులు పోసినప్పుడు, మిగిలిన వంతు సెంట్రింగ్ విప్పి ఇంజనీరు చూశాక అని రాసుకోవడం మంచిది. అడుగు రేటు దేనికి వర్తిస్తుందో ఇక్కడే తేల్చుకోవాలి. బాల్కనీ, మెట్ల గది, సజ్జలు పూర్తి కొలతలో వస్తాయా, సగమా, అసలు రావా? 160 అడుగుల బాల్కనీని తర్వాత కలిపితే 3 లక్షల 20 వేల తేడా వస్తుంది.

ఇక ఆలస్యం. "పదకొండు నెలల్లో పూర్తి చేయాలి" అని రాసి, అవి ఎప్పటి నుంచో రాయకపోవడం తరచుగా కనిపిస్తుంది. సంతకం నాటి నుంచా, ప్లాను అనుమతి వచ్చిన నాటి నుంచా, ముగ్గు పోసిన నాటి నుంచా? మొదలు పెట్టే తేదీ, ముగిసే తేదీ రెండూ క్యాలెండరు తేదీలుగానే ఉండాలి. జరిమానా మొత్తం ఎంత పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. రోజుకు పదివేలని రాస్తే కాంట్రాక్టరు భయపడతాడనుకోవడం పొరపాటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు దాని లోపల సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. నష్టానికి పొంతన లేని అంకె వేస్తే అది నిలవదు. ఆ అంకెను లెక్కగట్టి పెట్టుకోవాలి. యజమాని ప్రస్తుతం 14,000 అద్దె కడుతున్నాడు. బ్యాంకు నుంచి తీసుకున్న 25 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకు సుమారు 17,700 వడ్డీ. రెండూ కలిపి నెలకు 31,700, వారానికి 7,300 దాకా. వారానికి 7,000 జరిమానా, మొత్తం మీద 2 లక్షలు మించకుండా అని రాసి, ఈ లెక్కనూ ఒప్పందానికి జత చేస్తే అది గట్టిగా నిలుస్తుంది. ఆ పరిమితి నిండడానికి 28 వారాలకు పైనే పడుతుంది. అన్నాళ్లు చూస్తూ కూర్చోలేరు. అందుకని పది వారాలు దాటితే ఒప్పందం రద్దు చేసి వేరేవారితో చేయించుకునే హక్కును విడిగా రాసుకోవాలి.

ఆలస్యానికి యజమాని కారణమైన రోజులు ఇందులోంచి తీసేయాల్సిందే. కిస్తు పదిహేను రోజులు ఆలస్యంగా ఇచ్చి, టైల్స్ ఎంపికకు నెల తీసుకుని, ఆపై జరిమానా అడిగితే చెల్లదు. ఎవరి చేతిలోనూ లేని కారణాలకూ గడువు పొడిగింపు ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగిపోయాయి. అలాంటి వాటిని కాంట్రాక్టరు నెత్తిన రుద్దడం తగదు. అయితే జూన్ నుంచి వచ్చే మామూలు వానలు అందరికీ ముందే తెలిసినవి, వాటిని షెడ్యూలులోనే కలుపుకోవాలి. పొడిగింపు కావాలంటే కారణం తలెత్తిన ఏడు రోజుల్లో రాసి అడగాలన్న షరతు పెట్టుకుంటే చివర్లో వాదనలు తగ్గుతాయి.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. గడువే ప్రధానమని రాసుకున్న ఒప్పందంలో ఆ గడువు దాటాక కూడా పనిని అంగీకరిస్తే, నష్టపరిహారం కోరతామని ఆ సమయంలోనే తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే తర్వాత అడిగే హక్కు పోతుందని అదే చట్టంలోని 55వ సెక్షను చెబుతుంది. గడువు దాటిన వారమే "పని కొనసాగించండి, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు మాకు ఉంది" అని ఒక ఉత్తరం పంపడం అందుకే అవసరం. మొహమాటంతో ఊరుకున్నవాళ్లు గృహప్రవేశం నాడు జరిమానా మాట ఎత్తితే అవతలివారు ఈ సెక్షనే చూపిస్తారు.

మార్పుల దగ్గర నోటిమాటే ఎక్కువగా ముంచుతుంది. పూజగది ఇటు జరపమంటారు, వంటింట్లో ఇంకో అటక వేయమంటారు, మేస్త్రీ సరేనంటాడు. చివర్లో "అదనపు పనులు" పేరిట లక్షల బిల్లు వస్తుంది. రాతపూర్వకంగా లేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని యజమాని అనుకుంటాడు. కానీ ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల లాభం పొందినవారు అందుకు తగిన సొమ్ము ఇవ్వాలని 70వ సెక్షను అంటుంది. దాన్ని ఆధారంగా చేసుకుని కాంట్రాక్టరు వాదించగలడు. ముందే రేట్ల పట్టిక ఒకటి జత చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు: అడుగు ఇటుక గోడకు ఇంత, అదనపు కరెంటు పాయింటుకు ఇంత, అడుగు అటకకు ఇంత అని. మార్పు మొదలుపెట్టే ముందే ధర, పెరిగే రోజులు రెండూ రాసి ఇద్దరూ ఒప్పుకోవాలి. వాట్సాప్ సందేశంతో ఒప్పుకున్నా చాలునని ఒప్పందంలో రాసుకుంటే సైటు మీద ఆచరణ సులువవుతుంది. తగ్గించిన పనికి డబ్బు తగ్గాలన్న మాట కూడా ఉండాలి. అది సాధారణంగా కనిపించదు.

టైల్స్‌ది మరో రకం మార్పు. ఒప్పందంలో అడుగు 60 రూపాయల టైలు అని ఉంది, ఇంట్లోవాళ్లు షోరూములో 95 రూపాయలది ఎంచుకున్నారు. 1,700 అడుగులకు తేడా 59,500. ఇచ్చుకోవాల్సింది ఆ తేడా మాత్రమే. పరిచే కూలీ పాత రేటులోనే ఉంది. టైలు సైజు బాగా పెరిగితే కూలీ పెరగొచ్చు, అప్పుడు అదీ ముందే మాట్లాడుకోవాలి.

చివరిది లోపాల బాధ్యత కాలం. ఐదేళ్లు బిల్డరే చూసుకోవాలి కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ఐదేళ్లు 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షనులోనివి. అప్పగించిన ఐదేళ్లలోపు కొనుగోలుదారు చూపిన నిర్మాణ లోపాన్ని ప్రమోటరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని అది చెబుతుంది. అది వెంచర్లలో ఫ్లాటో విల్లానో కొన్నవారికి. సొంత స్థలంలో కాంట్రాక్టరుతో కట్టించుకున్నవారికి ఒప్పందంలో రాసుకున్నదే ముఖ్యమైన ఆధారం. అందులో ఏమీ రాయకపోతే ప్రతి లోపానికీ అది కాంట్రాక్టరు తప్పేనని నిరూపిస్తూ తిరగాలి.

ఎన్నాళ్లు అన్నదానికి ఒక కొలమానం ఉంది. ఆ కాలంలో కనీసం ఒక వానాకాలం పూర్తిగా రావాలి. అక్టోబరులో అప్పగించి ఆరు నెలలు అని రాస్తే బాధ్యత ఏప్రిల్‌లో తీరిపోతుంది, శ్లాబు కారేది జూలైలో. పన్నెండు నెలలు కనీసం ఉండాలి. పిల్లర్లు, బీములు, శ్లాబు వంటి వాటికి, నీళ్లు కారకుండా చేసిన పనికి ఐదేళ్లు విడిగా అడగొచ్చు. ఈ కాలం అప్పగింత పత్రం మీద తేదీ నుంచి లెక్క. ఆ రోజు మిగిలిపోయిన చిన్నా పెద్దా పనుల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. మేడ మీద రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద తడి చూడటం, బాత్రూముల్లోనూ అలాగే చేయడం ఈ జాబితాకు ముందే జరగాలి.

లోపం ఏదో, కానిది ఏదో కూడా కొంత స్పష్టంగా ఉండాలి. ప్లాస్టరింగ్‌లో వెంట్రుక మందం చీలికలు ఆరేటప్పుడు వస్తాయి, రంగు వేసేముందు పూడిస్తే సరిపోతుంది. ఇటుక గోడ కాంక్రీటు బీమును కలిసే చోట గీత గీసినట్టు చీలితే అక్కడ జాలీ వేయకుండా ప్లాస్టరింగ్ చేశారేమో చూడాలి. అది కాంట్రాక్టరు సరిచేయాల్సిందే. గోడ మీద ఏటవాలుగా పోయే చీలిక నానాటికీ వెడల్పవుతుంటే పునాది దిగుతోందేమో ఇంజనీరు చూడాలి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో రావాలి, ముప్పై రోజుల్లో సరిచేయాలి, రాకపోతే యజమాని వేరేవారితో చేయించి ఆ ఖర్చు పట్టుకోవచ్చు అని రాసుకోవాలి. ఆ ఖర్చు పట్టుకునేది షెడ్యూలు చివర మిగిల్చిన 5 శాతం, 2 లక్షల నుంచే. ఆ సొమ్ములో సగం ఆరు నెలలకు, మిగిలిన సగం పన్నెండు నెలలు నిండి జాబితాలోని పనులన్నీ తీరాక ఇవ్వాలి. సరిచేసిన భాగానికి సరిచేసిన రోజు నుంచి మళ్లీ పన్నెండు నెలలు లెక్క వేసుకోవాలి.