వాటా నీది, తోట కంపెనీది

గుంటూరు అరండల్‌పేటలో ఒక టీ కొట్టు. ఎలక్ట్రికల్ షాపు నడిపే రమణ, ఆడిటర్ దగ్గర పద్దులు చూసే శ్రీను రోజూ సాయంత్రం అక్కడ కలుస్తారు. ఆ రోజు రమణ ఫోన్ తీసి చూపించాడు.

“ఒరేయ్ శ్రీనూ, టీ తోటలున్న కంపెనీవి 50 షేర్లు కొన్నానురా. ఒక్కోటి 200. మొత్తం 10 వేలు. ఇక ఆ తోటలకి నేనూ ఓనర్నే కదా?”

“ముందు ఆ 10 వేలు ఎవరికి చేరాయో చెప్పు.”

“కంపెనీకేగా!”

“కాదు. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినప్పుడే డబ్బు దానికి చేరుతుంది. నువ్వు మార్కెట్లో కొన్నావు. అంటే ఎవరో తన షేర్లు అమ్ముకున్నారు, నీ డబ్బు వాళ్లకి పోయింది, వాళ్ల హక్కులు నీకొచ్చాయి. కంపెనీ ఖాతాలో రూపాయి కూడా అటూ ఇటూ కాలేదు.”

“సరే, హక్కులొచ్చాయి. మరి తోటలో నా వంతెంత?”

“ఒక్క ఆకు కూడా నీది కాదు. ఈ మాట సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. బచా గజ్దార్ అనే ఆవిడకి టీ కంపెనీల్లో షేర్లుండేవి. టీ కంపెనీ ఆదాయంలో నూటికి 60 వంతులు వ్యవసాయ ఆదాయం కింద లెక్క, దానిమీద కేంద్రం ఆదాయపన్ను వెయ్యదు. తనకొచ్చిన డివిడెండు కూడా ఆ తోట రాబడే కాబట్టి, అందులోనూ 60 వంతులకి పన్ను ఉండకూడదని ఆవిడ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. భూమి, పంట కంపెనీవి. చట్టం దృష్టిలో కంపెనీ వేరు, షేర్లున్నవాళ్లు వేరు. ఆవిడకి డబ్బొచ్చింది షేరు మీద, సాగు మీద కాదు అంది.”

“అయితే నేను కొన్నదేంట్రా?”

“మూడు హక్కులు. లాభం పంచితే నీ వంతు, నిర్ణయాల్లో ఓటు, కంపెనీ మూతపడితే బాకీలన్నీ తీరాక మిగిలినదాంట్లో వాటా.”

శ్రీను ఒక కాగితం మీద ఊరికే ఉదాహరణకి లెక్క వేశాడు. కంపెనీకి మొత్తం 2 కోట్ల షేర్లు. ఏడాది లాభం 24 కోట్లు. షేరుకి 12 రూపాయలు.

“ఇందులో 5 రూపాయలు పంచుదామని బోర్డు సిఫార్సు చేసిందనుకో. వార్షిక సమావేశం ఆమోదిస్తే నీ 50 షేర్లకి 250 వస్తాయి. సమావేశం ఆ మొత్తాన్ని తగ్గించగలదు గానీ పెంచలేదు. అసలు బోర్డు సిఫార్సే చెయ్యకపోతే, ఎంత లాభమొచ్చినా ఆ ఏడాది నీ చేతికి ఏమీ రాదు.”

“మిగతా 7 రూపాయలు పోయినట్టేనా?”

“కంపెనీలోనే ఉంటాయి. వాటితో అప్పు తీర్చి, మంచి యంత్రాలు పెడితే రేపు లాభం పెరుగుతుంది, నీ షేరుకి విలువొస్తుంది. నడిపేవాళ్లు తగలేస్తే అవీ పోతాయి. అందుకే ఓటు ఉంది.”

“నాలుగు లక్షల్లో ఒక్క వంతు నాది. నా ఓటుతో ఏమవుతుందిరా?”

“నీ ఒక్కడితో కాదు. కానీ కంపెనీ నియమావళి మార్చడం లాంటి పెద్ద విషయాలకి ప్రత్యేక తీర్మానం కావాలి. వద్దన్న ఓట్లకి కనీసం మూడు రెట్లు ఔనన్న ఓట్లు పడాలి. ప్రమోటర్ల దగ్గర నూటికి 55 షేర్లున్నాయనుకో. మిగతా 45లో 10 మాత్రమే వద్దని వేసి, తక్కినవాళ్లు ఊరుకుంటే తీర్మానం నెగ్గిపోతుంది. 20 వద్దంటే ఆగిపోతుంది. లెక్కలోకి వచ్చేది వేసిన ఓట్లే.”

“మరి కంపెనీ దివాలా తీస్తే బ్యాంకువాళ్లు నా షాపు మీదకొస్తారా?”

“రారు. షేరు విలువ పూర్తిగా కట్టేసిందే కాబట్టి నీ 10 వేలకి మించి పోదు. అయితే ఆ 10 వేలు మొత్తం పోవచ్చు. బ్యాంకులు, కార్మికులు, సరుకిచ్చినవాళ్లు, ప్రభుత్వం, అందరి తర్వాతే నువ్వు. దివాలా తీసిన కంపెనీలో చివరివాడి దాకా మిగిలేది అరుదు.”

షేరు కొనేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో ధర ఒక్కటే చూస్తారు. కంపెనీ ఏటా ఇచ్చే వార్షిక నివేదికలో లాభమెంత, అందులో పంచిందెంత, అప్పెంత అన్నవి కూడా చూడండి. ఆ నివేదికతోపాటు ఆన్‌లైన్‌లో ఓటు వెయ్యమని మెయిల్ వస్తుంది. దాన్ని చదవకుండా తీసెయ్యకండి. మీరు డబ్బు పెట్టి కొన్న మూడు హక్కుల్లో, ఎవరి దయా లేకుండా మీరే వాడుకోగలిగింది అదొక్కటే.