పది నిమిషాల పెళ్లి ప్రసంగం మూడు నిమిషాలకు దిగే తీరు

తెలుగు పెళ్లిలో మంటపం పురోహితుడిది. పెళ్లికూతురి తండ్రి నాలుగు మాటలు చెప్పుకోవాలంటే రిసెప్షన్ దాకా ఆగాలి. ఇంగ్లండు, అమెరికా పెళ్లి విందుల్లో తండ్రి, పెళ్లికొడుకు, అతని స్నేహితుడు లేచి మాట్లాడటం మామూలు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల రిసెప్షన్లలోనూ, ఇక్కడి ఫంక్షన్ హాళ్లలోనూ ఇప్పుడు ఇది కనిపిస్తోంది. యాంకర్ "ఒక్క మూడు నిమిషాలు అంకుల్" అంటూ మైకు చేతికిస్తాడు. జేబులోంచి తీసిన కాగితాలు పది నిమిషాలవి. పక్కనే బఫే మూతలు తెరిచి ఉంటాయి.

పదిని మూడు చేయడానికి ముందు అది నిజంగా పదేనా అన్నది తేలాలి. మనసులో చదువుకుంటే ఏ ప్రసంగమైనా చిన్నదిగానే అనిపిస్తుంది. నిలబడి, పైకి, హాల్లో చివరి వరుసకు వినపడేలా చదువుతూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోవాలి. నిమిషానికి ఇన్ని పదాలని ఇంగ్లీషులో చెప్పే లెక్క తెలుగుకు పనికిరాదు. ఇంగ్లీషులో నాలుగు పదాలయ్యేది తెలుగులో ఒక్క పదంలో ఇమిడిపోతుంది కాబట్టి, పదాలు లెక్కపెడితే తెలుగు ప్రసంగం ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. గడియారమే నమ్మకం.

ఉదాహరణకు ఒక తండ్రి ప్రసంగం ఇలా ఉందనుకుందాం. పెద్దల పలకరింపు ఒక నిమిషం. అమ్మాయి పుట్టుక, బడి, ర్యాంకు, ఎమ్మెస్, ఉద్యోగం రెండు నిమిషాలు. చిన్నప్పటి రైలు కథ రెండున్నర. సంబంధం కుదిరిన తీరు ఒక నిమిషం. కొత్త దంపతులకు హితబోధ ఒకటిన్నర. కృతజ్ఞతలు రెండు. మొత్తం పది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ప్రతి చోటా తలా ఒక వాక్యం తీయడం. అలా తీస్తే పది ఏడవుతుంది, అన్ని విషయాలూ మిగులుతాయి, ఏదీ రుచించదు. ఇంకొందరు కాగితం ముట్టుకోకుండా వేగం పెంచుతారు. నవ్వాల్సిన మాట నవ్వేలోపే దాటిపోతుంది. కోత భాగాలకు భాగాలుగానే పడాలి. చదువు, ఉద్యోగాల సంగతి స్టేజీ వెనక తెర మీద ఫొటోలతో నడుస్తూనే ఉంటుంది, కాబట్టి అది మొదట పోతుంది. హితబోధ పురోహితుడు ముందే చేశాడు. సంబంధం కుదిరిన తీరు ఇంట్లో చెప్పుకుంటే ముచ్చట. మైకులో చెబితే మధ్యవర్తిగా వ్యవహరించిన ఇద్దరిలో ఒకరి పేరు ముందు వస్తుంది, రెండోవారు చిన్నబుచ్చుకుంటారు. ఈ మూడూ తీసేస్తే అయిదున్నర నిమిషాలు మిగులుతుంది.

ఇక కథ. హాల్లో సగం మంది మగపెళ్లివారి తరఫు, వాళ్లకు అమ్మాయి చిన్నతనం తెలియదు. ఉపోద్ఘాతం అక్కర్లేకుండా వాళ్లకూ అర్థమై, ఒకచోట జరిగి, ఒక మనిషి నోటి మాటతో ముగిసేదే ఇక్కడ పనికొచ్చే కథ. విన్నాక అల్లుడికి "అవును, ఈమె ఇంతే" అనిపించాలి. అమ్మాయి తలదించుకునేది ఎంత నవ్వించేదైనా వద్దు.

రైలు కథ మొదటి ప్రతి ఇలా మొదలైంది: "అప్పట్లో మేము విజయవాడలో ఉండేవాళ్లం. మా తోడల్లుడు విశాఖలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి రమ్మని పదే పదే ఫోన్ చేశాడు. మా ఆవిడ వారం ముందే వెళ్లింది. నాకు సెలవు దొరకలేదు..." ఇలా నిమిషం గడిచినా రైలు కదల్లేదు. తోడల్లుడు, గృహప్రవేశం, సెలవు, వీటిలో ఒక్కటి కూడా చివరి మాటకు అవసరం లేదు. ఏది ఉంచాలో తేల్చడానికి సులువైన పద్ధతి ఒకటుంది: చివరి మాటను ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ, ఏ వాక్యం లేకపోతే ఆ మాట అర్థం కాదో దాన్నే ఉంచడం. అలా చేస్తే మిగిలింది ఇది:

"మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, వాళ్ల తమ్ముడికి ఆరు. ముగ్గురం రత్నాచల్‌లో విశాఖ వెళ్తున్నాం. రాజమండ్రిలో ఇడ్లీ పొట్లాల కోసం దిగాను. చిల్లర తీసుకునేసరికి రైలు కదిలింది. పరుగెత్తి ఆఖరి పెట్టె ఎక్కి, జనాన్ని తోసుకుంటూ మా పెట్టెకు వచ్చాను. పిల్లలు ఏడుస్తుంటారనుకున్నాను. ఇది తమ్ముణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని టీసీతో అంటోంది: మేం తప్పిపోలేదండీ, మా నాన్నే తప్పిపోయాడు. కొంచెం వెతికిపెట్టండి."

నెమ్మదిగా చదివినా ఇది నిమిషం ఇరవై సెకన్లు దాటదు. ఆ వెంటనే అల్లుడి వైపు తిరిగి ఒక్క మాట: "అల్లుడుగారూ, మీరు ఏ స్టేషన్లో దిగినా భయం లేదు. వెతికించే మనిషి మీ పక్కనే ఉంది." దీనికి, దీవెనకు కలిపి ఇరవై సెకన్లు.

కృతజ్ఞతల కోత ఇంతకన్నా కష్టం, ఎందుకంటే అక్కడ ఉన్నవి పేర్లు. ఇరవై పేర్లు చదివితే ఇరవై ఒకటో మనిషి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు. పేర్లకు బదులు చేసిన పని చెప్పి, వరసలతో పలకరిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. "మా బావగారూ, చెల్లెమ్మగారూ, మా అమ్మాయిని మొదటి రోజే 'మా ఇంటి పిల్ల' అన్నారు, ఆ మాట మాకు చాలు" అని వియ్యాలవారికి మొదటి నమస్కారం. తర్వాత బుట్టలో కూర్చోబెట్టి తెచ్చిన మేనమామలకు, దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చిన బంధువులకు, నాలుగు రోజులుగా నిద్ర లేకుండా పనులు చూసిన పిల్లలకు, వంటవారికి. నలభై అయిదు సెకన్లు. విడివిడిగా చెప్పాల్సినవాళ్లకు భోజనాల దగ్గర చేతులు పట్టుకుని చెబితే మైకులో కన్నా ఎక్కువ తృప్తి.

అలవాటుగా కృతజ్ఞతలు చివర పెడతారు గానీ, కథకు ముందు పెట్టడమే మేలు. "ధన్యవాదాలు" అని వినగానే హాలు ప్రసంగం అయిపోయిందనుకుని ప్లేట్ల వైపు లేస్తుంది. పైగా కూతురి కథ చెప్పాక తండ్రి గొంతు పూడుకుపోతే చెప్పాల్సిన నమస్కారాలు గొంతులోనే ఉండిపోతాయి. అందుకని పదిహేను సెకన్ల పలకరింపు, కృతజ్ఞతలు, కథ, అల్లుడితో మాట, దీవెన, ఈ వరసలో మొత్తం రెండు నిమిషాల నలభై సెకన్లు వస్తుంది. మిగిలిన ఇరవై సెకన్లు జనం నవ్వడానికి. ఆ ఖాళీని కొత్త వాక్యంతో నింపాలన్న కోరిక తప్పకుండా పుడుతుంది.

తెలుగు రానివాళ్లు హాల్లో ఉంటే ప్రతి వాక్యాన్నీ రెండు భాషల్లో చెప్పేవాళ్లున్నారు; దాంతో మూడు మళ్లీ ఆరవుతుంది. కథ తెలుగులో చెప్పి, పిల్ల టీసీతో అన్న మాట ఒక్కటే ఇంగ్లీషులో మరోసారి అంటే వాళ్లూ నవ్వులో కలుస్తారు.

కోత అయ్యాక ఒక లోపం తరచు మిగిలిపోతుంది: తీసేసిన భాగాన్ని ఉన్న భాగం తలుచుకోవడం. "ఇందాక చెప్పిన ఆ ర్యాంకు రోజులాగే" అన్న ముక్క కాగితంలో ఉంటుంది, ర్యాంకు సంగతి ఉండదు. రాసినవారి కంటికి ఇది ఆనదు, పాత ప్రతి తలలో ఉంటుంది కాబట్టి. కుటుంబం బయటి మనిషికి ఒకసారి చదివి వినిపిస్తే, "ఎవరు?", "ఎప్పుడు?" అని ఆయన అడిగిన చోటల్లా తెగిన దారం దొరుకుతుంది. ఆ తర్వాత పెద్ద అక్షరాలతో, కాగితానికి ఒకవైపే, రెండు ప్రతులు తీయించాలి. ఒకటి తండ్రి జేబులోకి, రెండోది అమ్మాయి తమ్ముడి చేతికి. పట్టుపంచె కట్టుకున్న రోజున మొదటిది ఏ చొక్కా జేబులో ఉందో ఎవరికీ తెలియదు.