రెండు హెడ్‌లైన్లలో ఏది గెలిచినట్టు?

ఒకే ప్రకటనను రెండు వేర్వేరు హెడ్‌లైన్లతో వదిలి, దేనికి ఎక్కువ స్పందన వస్తుందో చూడడం పాత పద్ధతే. పత్రికా ప్రకటనల కాలంలో పాఠకులు కత్తిరించి పంపే కూపన్లను లెక్కపెట్టేవారు. ఏ ప్రకటన అమ్మకాలు తెస్తుందో ఇలా లెక్కగట్టి తేల్చాలని అమెరికాకు చెందిన క్లాడ్ హాప్కిన్స్ 1923లో వెలువడిన ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ పుస్తకంలో వాదించాడు. ఇప్పుడు కూపన్ల స్థానంలో క్లిక్కులు వచ్చాయి. వాటిని లెక్కపెట్టడం తేలికే. చిక్కంతా ఆ లెక్కను చదవడంలో ఉంది.

గుంటూరులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక చిన్న వ్యాపారం ఉందనుకుందాం. ఫేస్‌బుక్ ప్రకటనకు కేటాయించినది రెండు వేల రూపాయలు. మొదటి హెడ్‌లైన్ ‘రంగులు కలపని గోంగూర పచ్చడి’, రెండోది ‘ఈ వారం పట్టిన గోంగూర పచ్చడి’. రెండింటికీ ఫొటో, ధర, ఊళ్లు, చూసేవారి వయసు, నడిచే రోజులు అన్నీ ఒకటే ఉండాలి. ఒకదానికి ఫొటో కూడా మారిస్తే, వచ్చిన తేడా మాట వల్లనో బొమ్మ వల్లనో చెప్పలేం. ఒకటి ఈ వారం, మరొకటి వచ్చే వారం నడపడమూ కుదరదు. జీతాలు పడే వారం, పండగ వారం జనం కొనే తీరే వేరు.

రెండు ప్రకటనలనూ ఒకే గుంపులో వేసి వదిలేస్తే ఇంకో చిక్కుంది. మొదట్లో కాస్త ముందున్నదానికే ఫేస్‌బుక్ ఎక్కువ డబ్బు మళ్లించవచ్చు, రెండోదానికి తగినన్ని అవకాశాలే రావు. అందుకే అందులో ఉన్న ఎ/బి టెస్ట్ సదుపాయం వాడాలి. అది చూసేవారిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గానికి ఒక్కో హెడ్‌లైన్‌నే చూపిస్తుంది. పని రోజులూ సెలవు రోజులూ కలిసేలా కనీసం వారం నడపాలి.

వారం చివర ఒక్కోటి పదివేల సార్లు కనిపించిందనీ, మొదటిదానికి 92, రెండోదానికి 110 క్లిక్కులు వచ్చాయనీ అనుకుందాం. రెండోది గెలిచిందని అనిపిస్తుంది. కానీ ఒకే హెడ్‌లైన్‌ను రెండు వైపులా పెట్టినా లెక్కలు సరిగ్గా సమానంగా రావు. నాణేన్ని వందసార్లు ఎగరేస్తే బొమ్మ కచ్చితంగా 50 సార్లే పడదు కదా! ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానే వస్తుంది.

రెండూ దాదాపు సమానంగా కనిపించినప్పుడు దీన్ని తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. క్లిక్కుల మొత్తానికి వర్గమూలం కట్టి రెట్టింపు చేయాలి. క్లిక్కుల తేడా దాన్ని మించితేనే పట్టించుకోవాలి. ఇక్కడ మొత్తం 202, వర్గమూలం సుమారు 14, రెట్టింపు చేస్తే 28. వచ్చిన తేడా 18 మాత్రమే. అంటే ఏదీ గెలవలేదు. అదే 100కి 150 వచ్చి ఉంటే, తేడా 50, హద్దు దాదాపు 32. అప్పుడు రెండోదే మెరుగని చెప్పవచ్చు. అయినా లాభం సరిగ్గా 50 శాతం అనుకోకూడదు, అసలు తేడా ఇంకా తక్కువే కావచ్చు. పైగా సమానమైన హెడ్‌లైన్లు కూడా నూటికి ఐదుసార్లు ఈ హద్దు దాటి కనిపిస్తాయి.

ఈ హద్దును ఒక్కసారే, ముందే అనుకున్న రోజున చూడాలి. రోజూ చూస్తూ, తేడా కనిపించిన పూటే ఆపేస్తే, ఆ ఐదు చాలా పెరుగుతుంది. రెండో రోజు 18కి 29 వస్తే ఆపేయాలనిపిస్తుంది. కానీ అప్పటి హద్దు 14, తేడా 11 మాత్రమే.

తక్కువ డబ్బుతో చిన్న తేడాలు ఎందుకు తేలవో కూడా లెక్కే చెబుతుంది. చూసినవారిలో నూటికి ఒకరు నొక్కే ప్రకటన 1.2కి పెరిగిందని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో హెడ్‌లైన్ సుమారు 40 వేల సార్లు కనపడాలి. అదే ఒకటి రెండుకు పెరిగితే రెండున్నర వేల సార్లు చాలు. అందుకే చిన్న బడ్జెట్‌తో ‘తాజా’, ‘కొత్త’ అని ఒక మాట మార్చి చూడడం వృథా. ఒకటి ధర గురించి, మరొకటి రుచి గురించి చెప్పేలా బాగా వేరైన హెడ్‌లైన్లు పెట్టాలి.

క్లిక్కు కొనుగోలు కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ‘ఉచితం’ అన్న మాట క్లిక్కులు పెంచి, ఆర్డర్లు తేకపోవచ్చు. అయితే 92 క్లిక్కులకు ఐదు ఆర్డర్లు, 110కి మూడు వచ్చాయంటే మొదటిది మెరుగని కాదు. మొత్తం ఎనిమిదే కాబట్టి హద్దు ఐదున్నరకు పైనే, తేడా రెండే. ఆర్డర్లను బట్టి తేల్చాలంటే పరీక్షను నెలల తరబడి నడపాలి. లేదా ఫోన్ చేసినవారు, వాట్సాప్‌లో ధర అడిగినవారు వంటి మధ్య మెట్టును లెక్కించాలి.

తేడా తేలకపోవడం కూడా ఒక ఫలితమే. రెండిట్లో ఏది వాడినా పెద్ద నష్టం లేదని దాని అర్థం. అప్పుడు ఉన్నదాన్నే కొనసాగించి, మిగిలిన డబ్బును మరింత భిన్నమైన హెడ్‌లైన్‌పై పెట్టడం మేలు. తేడా తేలినచోట మరో వారం అదే పరీక్ష నడిపి, అదే దిశలో ఫలితం వస్తే అప్పుడు ప్రకటన ఖర్చు పెంచవచ్చు.